300 టన్నుల సైలో 218 టన్నులకే నిండిపోయింది, తప్పు ఎక్కడ?

మండపేట మిల్లు | సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది మండపేట దగ్గర చిన్న రైస్ మిల్లు. నిరుడు ఒక ఇనుప సైలో వేయించాం. గుండ్రటి గోడ, పైన గొడుగులాంటి రేకు కప్పు, కింద చదును నేల. అమ్మినవారు కాగితం మీద 300 టన్నులని రాసి ఇచ్చారు. ఆ మాట పట్టుకుని ఈ దాళ్వాలో 300 టన్నుల ధాన్యం కొన్నాం. మన 75 కిలోల బస్తా లెక్కన 4000 బస్తాలు. అంతా 1010 రకమే.

నిన్న సాయంత్రానికి సైలో పై నోటి దాకా వచ్చేసింది. ఎలివేటర్ ఆపేశాం. లారీల తూకం చీటీలు కూడితే లోపలికి వెళ్లింది 218.6 టన్నులు. మిగిలిన 1085 బస్తాల ధాన్యం కళ్లంలో పట్టాల కింద ఉంది. ఆకాశం చూస్తే భయమేస్తోంది.

నేను లెక్క కూడా వేశాను. టేపుతో చుట్టుకొలత 22.93 మీటర్లు, అంటే వ్యాసం 7.30. దిమ్మ మీద నుంచి చూరు దాకా ఎత్తు 9.0 మీటర్లు. కప్పు వాలు 30 డిగ్రీలని కాగితంలో ఉంది. స్థూపానికి 376.7, పైన శంకువుకు 29.4, మొత్తం 406.1 ఘనపు మీటర్లు. కాగితంలో ఉన్నట్టు ఘనపు మీటరుకు 750 కిలోలు వేస్తే 304.6 టన్నులు రావాలి. కాటా తప్పని నాన్నగారు అంటున్నారు. మీరేమంటారు?

లెక్కల మాస్టారు | సోమవారం, రాత్రి 9:41

బాబూ, నీ లెక్క మళ్లీ వేసి చూశాను. వ్యాసార్థం 3.65, అడుగు వైశాల్యం 41.85 చదరపు మీటర్లు. శంకువు ఎత్తు 3.65 ను 0.577 తో హెచ్చిస్తే 2.107. చాలామంది ఇక్కడ శంకువును సగం అనుకుని తప్పు చేస్తారు. నువ్వు మూడో వంతే తీసుకున్నావు, సంతోషం.

```
A = π × 3.65² = 41.85
V = A × 9.0 + A × 2.107 / 3 = 406.1
```

ఘనపరిమాణంలో పొరపాటు లేదు. కాబట్టి మీ నాన్నగారి అనుమానమే నిజం కావచ్చు. వేరే కాటా మీద ఒక లారీని తూచి చూడండి.

ఏటిగట్టు రైతు | సోమవారం, రాత్రి 10:05

కాటా వరకూ ఎందుకండీ? ఎండిన ధాన్యం తేలిక. మీరు డ్రయ్యర్‌లో ఆరబెట్టే పోసుంటారు. తేమ పోయాక బరువు తగ్గదూ? పచ్చి ధాన్యం పోసుంటే 300 టన్నులూ వచ్చేవి.

మండపేట మిల్లు | సోమవారం, రాత్రి 10:12

ఆరబెట్టిన మాట నిజమే. మీటరులో తేమ 13.8 చూపించింది. కానీ తూకం వేసింది ఆరిన తర్వాతే కదండీ.

సైలో ఫిట్టర్ | సోమవారం, రాత్రి 11:30

పదమూడేళ్లుగా ఈ డబ్బాలే బిగిస్తున్నాను. తేమ సంగతి ముందు తేల్చేద్దాం. 17 శాతం తేమ ఉన్న వంద కిలోల ధాన్యంలో గింజ 83 కిలోలు. దాన్ని 14 శాతానికి ఆరబెడితే 96.5 కిలోలు మిగులుతుంది. పోయింది మూడున్నర కిలోలు. ఇక్కడ తగ్గింది 86 టన్నులు. తేమ మీద అంత భారం వేయలేం.

అసలు దొంగ ఆ 750 లో ఉన్నాడు. అది గోధుమల లెక్క. సైలోలు ఎక్కువగా గోధుమలకు, మొక్కజొన్నకు తయారవుతాయి కాబట్టి టన్నుల్లో చెప్పేటప్పుడు గోధుమ బరువే రాస్తారు. గోధుమ గింజ నున్నగా, గుండ్రంగా ఉండి దగ్గరగా సర్దుకుంటుంది. వడ్ల గింజకు పైన ఊక ఉంది, ఊకకూ బియ్యానికీ మధ్య కాస్త గాలి ఉంది, గరుకు ఉంది, కొన్ని రకాలకు మొనకు ముల్లు కూడా ఉంటుంది. గింజకూ గింజకూ మధ్య ఖాళీ ఎక్కువ. ఘనపు మీటరుకు 600 కిలోలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. అమ్మినవారు అబద్ధం చెప్పారని నేను అనను. ఏ గింజకు 300 టన్నులో చెప్పలేదు, మీరూ అడగలేదు.

మీ ధాన్యం ఎంతో నన్ను అడగకండి. ఒక నూనె డబ్బా తీసుకుని మీరే చూడండి.

లెక్కల మాస్టారు | మంగళవారం, ఉదయం 6:20

ఫిట్టర్ గారూ, నేను అంకెను చూశాను కానీ అది దేని అంకె అని అడగలేదు. నలభై ఏళ్లు పిల్లల్ని "ప్రమాణాలు రాయి" అని తిట్టినవాణ్ణి! ఒప్పుకుంటున్నాను.

డబ్బా పద్ధతి చెబుతాను, విను బాబూ. ఖాళీ డబ్బాను తూచు. అంచు దాకా నీళ్లు పోసి మళ్లీ తూచు. నీటి బరువు ఎన్ని కిలోలో డబ్బా అన్ని లీటర్లు. తుడిచి ఆరనిచ్చి, చేటతో జానెడు ఎత్తు నుంచి ధాన్యాన్ని నెమ్మదిగా జారవిడు. డబ్బాను తట్టవద్దు, కుదపవద్దు. పైన వెదురు బద్దతో ఒక్కసారి సమంగా లాగి తూచు. అయిదు సార్లు చేసి సగటు తీయి. ధాన్యం ఒకే బస్తాలోంచి కాకుండా నాలుగు చోట్ల నుంచి తీసుకో.

ఆకివీడు చెరువు | మంగళవారం, ఉదయం 7:45

మంచి సమయానికి కనబడింది ఈ చర్చ. మా చేపల చెరువు గట్టు మీద మేత పోసుకునే డబ్బా ఉంది. శంకువు ఉంది కానీ మేత సరిగా దిగడం లేదు, కర్రతో కొట్టాల్సి వస్తోంది. ఇందులో ఎన్ని టన్నులు పడుతుందో కూడా తెలియడం లేదు. ఇదే సూత్రమా?

సైలో ఫిట్టర్ | మంగళవారం, ఉదయం 8:02

మీది కింద శంకువు ఉన్న డబ్బా అండీ. వీరిది పైన. ఘనపరిమాణం సూత్రం ఒకటే, కింద ఉన్నా మూడో వంతే. మీ శంకువు పూర్తిగా నిండుతుంది కాబట్టి మీ లెక్క తేలిక. వీరి శంకువు నిండుతుందో లేదో చూడాలి, చిక్కంతా అక్కడే ఉంది. మేత దిగకపోవడం వాలుకూ తేమకూ సంబంధించినది, దానికి వేరే చర్చ మొదలుపెట్టండి.

మండపేట మిల్లు | మంగళవారం, మధ్యాహ్నం 1:15

డబ్బా పని అయింది. నీళ్లు 16.4 కిలోలు. ధాన్యం అయిదు సార్ల సగటు 9.5 కిలోలు. అంటే లీటరుకు 0.58 కిలో, ఘనపు మీటరుకు 580 కిలోలు. మా గుమాస్తా ఊరుకోకుండా డబ్బాను నేలకు తట్టి తట్టి నింపితే 10.3 కిలోలు పట్టింది. అది 630 దగ్గరికి వెళ్తుంది. ఏది తీసుకోవాలి?

580 తో చూస్తే 406.1 ఘనపు మీటర్లకు 235.5 టన్నులు. ఒక్క అంకె మారితే 69 టన్నులు మాయమైపోయాయి! కానీ ఇంకా 17 టన్నుల తేడా ఉంది.

సైలో ఫిట్టర్ | మంగళవారం, మధ్యాహ్నం 2:40

ముందు 580 తోనే నడవండి, తట్టిన డబ్బా సంగతి తర్వాత చూద్దాం. ఇప్పుడు రెండు ప్రశ్నలు. ఎత్తు 9.0 మీటర్లు బయట దిమ్మ మీద నుంచి కొలిచారు. లోపల గాలి ఊదడానికి చిల్లుల నేల ఉందా? ఉంటే దిమ్మకు ఎంత పైన ఉంది? రెండోది, చూరు దగ్గర ఉన్న మూత తీసి, గోడ పక్కన ధాన్యం చూరుకు ఎంత కిందుగా ఉందో టేపు వదిలి చూడండి. నిచ్చెన మీదే ఉండి చూడండి, లోపలికి దిగవద్దు.

మండపేట మిల్లు | మంగళవారం, సాయంత్రం 5:55

చిల్లుల నేల ఉంది, 40 సెంటీమీటర్ల ఎత్తున. దాని కింద ఫ్యాను గాలి తిరిగే ఖాళీ. అది నాకు తట్టనే లేదు.

గోడ పక్కన ధాన్యం చూరుకు 70 సెంటీమీటర్లు కిందుగా ఉంది! నడుమ మాత్రం కుప్ప మొన పై నోటికి జానెడు దూరంలో ఉంది. టార్చి వేసి చూస్తే గుడి గోపురంలా నిలబడి ఉంది. అంచులన్నీ ఖాళీ. ఇద్దరు కూలీలను దింపి పారలతో సర్దిస్తే ఇంకో యాభై టన్నులు పోయవచ్చా?

సైలో ఫిట్టర్ | మంగళవారం, సాయంత్రం 6:03

దింపవద్దు. ఇది ముందు చదవండి, తర్వాత మిగతాది. కింద ధాన్యం కదులుతుంటే మనిషి నడుము లోతు కూరుకోవడానికి క్షణాలు చాలు. అంత లోతు కూరుకున్నవాణ్ణి చేతులతో పైకి లాగలేరు. కింద యంత్రం ఆగి ఉన్నా, ఆ కుప్ప వాలు మీద నిలబడితే పైనుంచి ధాన్యం జారి మీద పడుతుంది. పైగా మే నెల ఎండకు కాలిన రేకు కింద, దుమ్ములో పార పని.

మీకు వచ్చేది కూడా యాభై టన్నులు కాదు. రాత్రి లెక్క పెడతాను. మాస్టారూ, ఈలోగా మీరు కుప్ప సంగతి చెప్పండి.

లెక్కల మాస్టారు | మంగళవారం, రాత్రి 8:15

నేను కప్పు శంకువును లెక్క వేశాను. ధాన్యానికి కప్పుతో పని లేదు, దాని వాలు దానిది. కప్పు వాలు 30 డిగ్రీలు. వడ్లు అంతకంటే నిటారుగా నిలుస్తాయి. అందుకే మొన కప్పును అందుకునేసరికి అంచులు ఇంకా కిందే ఉండిపోయాయి. గోధుమలైతే కాస్త పల్చగా పరుచుకుని కప్పు వాలుకు దగ్గరగా వచ్చేవేమో.

ఆ వాలును కొలవడానికి కోణమానిని అక్కరలేదు. కళ్లంలో మిగిలిన ధాన్యాన్ని ఒకే చోట పైనుంచి పోయించు. కుప్ప అడుగున తాడు చుట్టి కొలువు, ఎత్తు కొలువు, నాకు చెప్పు.

కోనసీమ కోడలు | మంగళవారం, రాత్రి 8:50

మాస్టారూ, తాడు చుట్టడం అంటే మా మామగారు గుర్తొచ్చారు. మా ఇంటి ముందు ఎండుగడ్డి వెంటితో పురి కట్టేవారు. ధాన్యం పోసి, పైన కుప్పలా చేసి, గడ్డి కప్పేవారు. మధ్యలో తాడు చుట్టి, చేతికర్రతో ఎత్తు చూసి, ఇన్ని బస్తాలని చెప్పేవారు. విప్పినప్పుడు రెండు మూడు బస్తాలకు మించి తేడా ఉండేది కాదు. ఆయన శంకువు సూత్రం చదవలేదు. అయితే పురికి నడుము ఉబ్బుతుంది కదా, దాన్ని స్థూపం అనవచ్చా?

లెక్కల మాస్టారు | మంగళవారం, రాత్రి 9:05

అనకూడదమ్మా. నడుము దగ్గర చుట్టిన తాడుతో లెక్క వేస్తే ఎక్కువ వస్తుంది. మీ మామగారు మనసులో కొంత తీసేసి చెప్పి ఉంటారు. అడుగున, నడుమ, పైన మూడు చోట్ల తాడు వేసి చూస్తే దగ్గరికి వస్తుంది. ఆయన ఎంత తీసేసేవారో తెలిస్తే నాకు చెప్పు, నిజంగానే అడుగుతున్నాను.

మండపేట మిల్లు | బుధవారం, ఉదయం 10:30

కూలీలను దింపలేదండీ. నాన్నగారు కూడా వద్దన్నారు.

కుప్ప పోయించాను. అడుగు చుట్టుకొలత 9.5 మీటర్లు, ఎత్తు 1.10.

లెక్కల మాస్టారు | బుధవారం, ఉదయం 11:10

9.5 ను 6.283 తో భాగిస్తే అడుగు వ్యాసార్థం 1.51. ఎత్తును దానితో భాగిస్తే 0.727. అంటే 36 డిగ్రీల వాలు. డిగ్రీలు మరిచిపోయినా నష్టం లేదు, ఆ 0.727 ఒక్కటి చాలు. చిన్న కుప్ప అయినా పెద్ద కుప్ప అయినా నిష్పత్తి అదే. నీ సైలో వ్యాసార్థం 3.65 ను దానితో హెచ్చిస్తే లోపలి కుప్ప ఎత్తు 2.65 మీటర్లు.

ఇప్పుడు చూడు. చిల్లుల నేల నుంచి చూరు దాకా 8.6. అందులో 0.7 ఖాళీ. కాబట్టి గోడ పక్కన ధాన్యం 7.9 మీటర్లు. దాని మీద 2.65 ఎత్తు శంకువు.

```
A × 7.9      = 330.6
A × 2.65 / 3 =  37.0
మొత్తం        = 367.6 ఘనపు మీటర్లు
× 0.58       = 213.2 టన్నులు
```

సరిచూసుకోవడానికి ఒక దారి ఉంది. 7.9 కి 2.65 కలిపితే కుప్ప మొన నేల నుంచి 10.55 మీటర్లు. కప్పు మొన 8.6 కి 2.107 కలిపితే 10.71. మధ్య ఖాళీ 16 సెంటీమీటర్లు. నిన్న నువ్వు జానెడు అన్నావు! కళ్లంలో తాడు కొలతా సైలోలో టార్చి చూపూ కలిశాయి.

సైలో ఫిట్టర్ | బుధవారం, మధ్యాహ్నం 12:45

ఆలస్యమైంది, తణుకులో పని మీద ఉన్నాను. మాస్టారి లెక్క మీద నాది. 304.6 లో గోధుమ బరువు వల్ల పోయింది 69 టన్నులు. చిల్లుల నేల కింద 16.7 ఘనపు మీటర్లు, అంటే 9.7 టన్నులు. అంచుల్లో కప్పు కింద మిగిలిన ఖాళీ 21.8 ఘనపు మీటర్లు, అంటే 12.6 టన్నులు. మీరు కూలీలతో సర్దించి కప్పు రేకుకు ఆనేలా నింపినా వచ్చేది ఆ పన్నెండున్నరే. దాని కోసం మనుషుల్ని దింపుతారా?

ఆ ఖాళీ వృథా కూడా కాదు. కింద నుంచి ఫ్యాను ఊదిన గాలి బయటికి వెళ్లేది చూరు కింద సందుల్లోంచే. అక్కడి దాకా ధాన్యం పోస్తే తేమ గాలి లోపలే తిరిగి, రాత్రి చల్లబడ్డ రేకు కింద చెమటలా పట్టి, పై పొర మీద కారుతుంది. వాసన వచ్చాక మూత తీసి చూస్తే గింజలు అట్టగట్టి ఉంటాయి.

మొన తగ్గించాలంటే కింద ధాన్యం దిగే నడిమి తూము తెరిచి అయిదారు టన్నులు బయటికి తీయండి. నడుమ గుంట పడుతుంది. పోసేటప్పుడు దుమ్ము, మట్టి, నూక గొట్టం కిందే కూరుకుని ఉంటాయి కదా, వాటిలో చాలా వరకు దానితో వచ్చేస్తాయి. వాటిని శుభ్రం చేసి ఆ గుంటలోనే పోసుకోండి. పక్క తూము మాత్రం ముందు తెరవకండి. ధాన్యం ఒక పక్క నుంచే దిగితే గోడ మీద ఒత్తిడి తేడా వచ్చి రేకు సొట్టపోతుంది. సరిచేయడానికి నన్నే పిలుస్తారు, చవకగా రాను.

ఏటిగట్టు రైతు | బుధవారం, మధ్యాహ్నం 1:20

అంతా బాగుంది. లెక్కలో 213.2, కాటాలో 218.6. ఇప్పుడు కాటా అయిదు టన్నులు ఎక్కువ చూపిస్తోంది. అమ్మేటప్పుడు మా రైతులకు ఎప్పుడూ ఎక్కువ చూపించని కాటా, మీకు చూపించిందా?

లెక్కల మాస్టారు | బుధవారం, మధ్యాహ్నం 2:00

రెండున్నర శాతం తేడా. డబ్బాలో పోసిన ధాన్యం మీద బరువేమీ లేదు. సైలో అడుగు గింజ మీద ఎనిమిది మీటర్ల ధాన్యం ఉంది, పైనుంచి ఎత్తున పడింది కూడా. కొంత నొక్కుకుంటుంది. గుమాస్తా తట్టి నింపిన డబ్బా లెక్క తీసుకుంటే 231 రావాలి. నిజం ఆ రెండింటి మధ్య, తట్టని డబ్బాకు దగ్గరగా ఉంది.

సైలో ఫిట్టర్ | బుధవారం, మధ్యాహ్నం 2:25

నొక్కుకోవడం కొంతే మాస్టారూ. నడుమ కూరుకున్న మట్టీ దుమ్మూ గింజల మధ్య ఖాళీని పూడుస్తాయి, బరువు అక్కడ కూడా పెరుగుతుంది. నాలుగు బస్తాల నమూనాలో ఆ దుమ్ము వచ్చి ఉండదు. దేని వాటా ఎంతో నేను చెప్పలేను.

మండపేట మిల్లు | బుధవారం, రాత్రి 9:30

నాకు అర్థమైంది ఒక్కటి. 218.6 ను 367.6 తో భాగిస్తే 595 కిలోలు. మా సైలోకు, ఈ ధాన్యానికి, వచ్చే ఏడాది కూడా ఈ అంకె పెట్టుకుంటాను.

ఏటిగట్టు రైతు | బుధవారం, రాత్రి 9:48

సార్వాలో మీకు వచ్చేది 1010 కాదు కదా బాబూ, మా పక్క ఇప్పటికీ స్వర్ణ వేస్తారు. ఆ గింజ 1010 కంటే పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. 595 దానికి ఎలా పనికొస్తుంది? నూనె డబ్బాను పారేయకండి.

మండపేట మిల్లు | తర్వాతి గురువారం, సాయంత్రం 6:40

మళ్లీ రాస్తున్నాను. వేరే కాటా మీద ఒక లారీని తూయించాం, తేడా 20 కిలోలే. నాన్నగారు కాటా మాట మళ్లీ ఎత్తలేదు. కళ్లంలోని 1085 బస్తాల్లో 600 మిల్లు ఆడించాం, మిగిలినవి పక్క ఊరి గోడౌనులో అద్దెకు పెట్టాం.

నింపిన రోజు గోడ లోపలి వైపు సుద్దతో గీత పెట్టమని మా గుమాస్తాకు చెప్పాను. ఈ రోజు చూస్తే ధాన్యం ఆ గీతకు 12 సెంటీమీటర్లు కిందికి దిగి ఉంది. ఒక్క గింజ బయటికి తీయలేదు. అంటే అయిదు ఘనపు మీటర్ల చోటు. మాస్టారు చెప్పిన నొక్కుడు ఇదేనా?

లెక్కల మాస్టారు | తర్వాతి గురువారం, రాత్రి 7:30

అవునని చెప్పాలని ఉంది. కానీ ఈ పది రోజులూ ఫ్యాను నడిపావు కదా? తేమ పోతే గింజ కూడా కొంచెం కుంచించుకుంటుంది. ఇప్పుడు మీటరులో ఎంత చూపిస్తోంది?

మండపేట మిల్లు | తర్వాతి గురువారం, రాత్రి 7:42

పై పొరలో 13.1. అడుగున ఎంత ఉందో తెలియదు, తూము తెరిస్తే గానీ చూడలేను.

సైలో ఫిట్టర్ | తర్వాతి గురువారం, రాత్రి 8:15

తెరిచినప్పుడు నడిమి తూము తెరవండి.